కస్టమర్ ఇంటర్వ్యూలో ‘కదా’ లేకుండా అడగడం ఎలా?

కాలేజీలో ఆంత్రప్రెన్యూర్‌షిప్ కోర్సు చేసేవాళ్ల ఇంటర్వ్యూ నోట్స్ చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. పది నోట్సుల్లో ఎనిమిదింటిలో ఒకటే తప్పు. జవాబు ముందే ప్రశ్నలో కూర్చుని ఉంటుంది.

ముందు సులువైన పనులు. ఇద్దరు వెళ్లండి, ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ముగ్గురు వెళ్తే రెయిడ్‌కు వచ్చినట్టు ఉంటుంది. నోట్‌బుక్, పెన్ను చాలు. ఫోన్‌లో రికార్డింగ్ వద్దు, ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు. గూగుల్ ఫామ్ అసలే వద్దు. ఫామ్‌లో మీకు తట్టిన ఆప్షన్లే ఉంటాయి, మీకు తట్టనిది తెలుసుకోవడానికే కదా వెళ్తున్నది! ఇలా కస్టమర్ల దగ్గరికే వెళ్లి అడిగి తెలుసుకునే పద్ధతికి అమెరికా స్టార్టప్ గురువు స్టీవ్ బ్లాంక్ ‘కస్టమర్ డిస్కవరీ’ అని పేరు పెట్టాడు. అక్కడ పరిశోధకులకు వ్యాపారం నేర్పే ఐ-కోర్ అనే ప్రభుత్వ శిక్షణలో దీన్ని వాడతారు. అక్కడ ఒక్కో టీము వంద ఇంటర్వ్యూల దాకా చేస్తుంది. మీ కోర్సుకు పది చాలు, కానీ పదీ సరిగ్గా చేయాలి.

కిరాణా కొట్టుకైతే మధ్యాహ్నం రెండున్నర తర్వాత వెళ్లండి. గిరాకీ తక్కువగా ఉంటుంది. ముందు ఏదైనా కొనండి.

ఇక అసలు కష్టం, ప్రశ్న. ఒక టీము ఉద్దెర లెక్కల కోసం యాప్ చేద్దామనుకుంది. ఇలా అడిగారు: “అన్నా, ఉద్దెర లెక్క పుస్తకంలో రాయడం కష్టం కదా? యాప్ ఉంటే వాడతారా?” కొట్టాయన “ఆ, మంచిదే తమ్ముడూ, వాడతాం” అన్నాడు. మిగతావాళ్లూ దాదాపు అదే అన్నారు. టీము సంబరపడింది. తీరా నమూనా యాప్ పట్టుకెళ్తే, దాన్ని వేయించుకోవడానికి ఒక్కరూ ఫోన్ ఇవ్వలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. చదువుకునే పిల్లలు కొట్టుకొచ్చి ఆశగా అడిగితే ఎవరు మాత్రం కాదంటారు?

ఆ రెండు వాక్యాల్లో రెండు రకాల తప్పులున్నాయి. ‘కదా’ అన్నది మొదటిది. ‘అంతేగా’, ‘ఇబ్బందే అయి ఉంటుంది’ కూడా దాని చుట్టాలే. ‘ఉంటే వాడతారా’ అన్నది రెండోది. రేపటి సంగతి అడిగితే మర్యాద వస్తుంది, సమాచారం రాదు. జరిగిపోయినదాని గురించి అడగండి: “చివరిసారి ఉద్దెర ఇచ్చింది ఎప్పుడన్నా? అప్పుడు ఏం చేశారు?”

ఇక్కడే ఇంకో గుంట ఉంది, తెలివైనవాళ్లు కూడా పడతారు. “గత నెల లెక్కలో తేడా ఎప్పుడొచ్చింది?” అని అడుగుతారు. జరిగిపోయినదే, ‘కదా’ కూడా లేదు. కానీ తేడా వచ్చిందని మీరే తేల్చేశారు. ఆయన గుర్తు చేసుకుని ఏదో ఒకటి చెప్తాడు, మీరు దాన్ని పెద్ద సమస్యగా రాసుకుంటారు. “గత నెలాఖరున ఈ పుస్తకం తీసి ఏమేం చేశారో మొదటి నుంచి చెప్పండన్నా” అంటే చాలు. సమస్య ఉంటే దానంతటదే బయటికొస్తుంది, లేకపోతే రాదు. రాకపోవడం కూడా జవాబే.

అదే టీముతో మళ్లీ ఇలా అడిగించాను. కొట్టాయన పుస్తకం తీసి చూపించాడు. లెక్క పక్కాగా ఉంది. “రాసుడు పెద్ద పనా? అడుగుడే కష్టం. గట్టిగా అడిగితే పక్క గల్లీ కొట్టుకు పోతరు” అన్నాడు. అప్పుడు పిల్లలు “మరి ఏం చేశారు?” అని మాత్రమే అడిగారు. ప్రతి ఆదివారం కొడుకును ఇళ్లకు పంపుతానన్నాడు. ఎవరైనా ఇప్పటికే డబ్బో, టైమో, మనిషినో పెడుతున్నారంటే అది నిజమైన నొప్పి. ఆయన మనిషిని పెట్టింది రాయడం మీద కాదు, వసూలు మీద.

సంతోషంలో “అందుకే సార్, మా యాప్‌లో...” అని అందుకోకండి. అక్కడితో ఇంటర్వ్యూ ముగిసి అమ్మకం మొదలవుతుంది. ఆయన ఆగితే మీరూ ఆగండి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. “ఎందుకు?” అని ఊరికే గుచ్చకండి, నిలదీసినట్టుంటుంది. “అప్పుడు ఏమైంది?” అనండి.

బయలుదేరేముందు ఒక పరీక్ష పెట్టండి. మీ ప్రాజెక్టు ఏంటో తెలియని క్లాస్‌మేట్‌కు ప్రశ్నల కాగితం ఇచ్చి, మేం ఏం అమ్మబోతున్నామో చెప్పమనండి. టక్కున చెప్పేస్తే కాగితం చింపి మళ్లీ రాయండి. నా దగ్గర దీనికి మినహాయింపు లేదు.

తిరిగొచ్చిన గంటలోపు నోట్స్ సాఫు చేయండి. ఎడమవైపు ఆయన అన్న మాటలు ఆయన యాసలోనే, కుడివైపు మీరు అనుకున్నది. ‘యాప్ కావాలన్నారు’ అని ఎడమవైపు కనిపిస్తే, దాని పైన ఉన్న మీ ప్రశ్న చదవండి.