బల్క్ రేటు పోస్టు చదవడం – 3వ పాఠం: అంగుళాల తంటా

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన లెక్కల్లో సగానికి పైగా తప్పాయి. అందులో నా తప్పూ ఉంది. కొరియర్ కంపెనీ పెట్టె సైజును బట్టి లెక్కేసే బరువు కోసం, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే కిలోలు వస్తాయని రాశాను గానీ, సెంటీమీటర్లలో కొలవాలని చెప్పలేదు. అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

లాడ్ బజార్ గాజులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ తన పెట్టెను 12×8×4 అని కొలిచి, 77 గ్రాములని తేల్చారు. 400 గ్రాముల గాజులు 12×8×4 సెంటీమీటర్ల చిన్న పెట్టెలో ఎలా పడతాయండీ? అవి అంగుళాలు. ఒక్కో అంగుళం 2.54 సెంటీమీటర్లు కాబట్టి అసలు లెక్క 1.26 కిలోలు. తూకం, ఈ లెక్క రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కంపెనీ డబ్బు తీసుకుంటుంది. అదీ పై అరకిలోకి జరిపి, అంటే కిలోన్నరకి.

ఇప్పుడు కొరియర్ కంపెనీ పెట్టే బల్క్ రేటు పోస్టు చూద్దాం. ఉదాహరణకి, 'నెలకు 500 పార్సిళ్లు పంపితే అరకిలో 32 రూపాయలే' అని పెద్ద అక్షరాల్లో ఉందనుకోండి. కింద చిన్న అక్షరాల్లో: తర్వాతి ప్రతి అరకిలోకి 28, క్యాష్ ఆన్ డెలివరీకి 35 లేదా బిల్లులో 2 శాతం, ఏది ఎక్కువైతే అది, జీఎస్టీ అదనం. ఆవిడ 900 రూపాయల సెట్టు విజయవాడకి పంపితే 32+28+28, మొత్తం 88. క్యాష్ ఆన్ డెలివరీ 35 కలిపితే 123. 18 శాతం జీఎస్టీతో 145 రూపాయల 14 పైసలు.

అదే సెట్టు 20×15×8 సెంటీమీటర్ల పెట్టెలో పడితే 0.48 కిలోలే. ఖర్చు 79 రూపాయల 6 పైసలు. కంపెనీతో రెండు రూపాయల కోసం బేరమాడే ముందు పెట్టె మార్చండి.

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. పెట్టె కుక్కి కుక్కి నింపి, మూత ఉబ్బాక టేపు వేస్తారు. మీరు అంచు దగ్గర 8 కొలుస్తారు, హబ్‌లో యంత్రం ఉబ్బిన చోట 9 కొలుస్తుంది. 20×15×9 అంటే 0.54, అరకిలో దాటిపోయింది! ఇంకో 28, దానిపై జీఎస్టీ. నేనైతే టేపు వేశాకే కొలుస్తాను, కొలబద్ద కనిపించేలా ఫోటో తీసి పెట్టుకుంటాను. బరువు తేడా బిల్లు వచ్చినప్పుడు చూపించడానికి అదొక్కటే ఆధారం.

5000 కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. కొన్ని కంపెనీలు ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అప్పుడు బరువు పెరుగుతుంది. పోస్టులో ఆ అంకె లేకపోతే రేటు కార్డు అడగండి.

అభ్యాసం: పోయిన వారం పంపిన 20 పార్సిళ్లు తీసుకుని, ఇదే పోస్టు రేట్లతో ఒక్కోదానికీ జీఎస్టీతో సహా లెక్కకట్టండి. వెనక్కి వచ్చినవాటికి తిరుగు ఛార్జీ వేరే గడిలో రాయండి. వచ్చే పాఠం దాని మీదే.