రెండర్ పంపేముందు నీడ మీద గీత గీసి చూడండి

ఏఐ గీసిన రెండర్ చిత్రంలో నీడలు తప్పుగా ఉన్నా కంటికి బాగానే కనిపిస్తాయి, కాబట్టి చూపును నమ్మకండి. చిత్రంపై కొత్త లేయర్ వేసి, కుర్చీ వీపు మూల నుంచి నేలపై దాని నీడ మూలకు గీత గీయండి. కుండీకి, దీపస్తంభానికి కూడా అలాగే. వెలుగు ఒక్కటే అయితే గీతలన్నీ పొడిగిస్తే ఒకే బిందువులో కలవాలి, లేదా సమాంతరంగా ఉండాలి. ఒకటి పక్కకు పోతే ఆ నీడ తప్పు. నీడలు వేర్వేరు దిక్కులకు విచ్చుకున్నంత మాత్రాన తప్పు కాదు, అది పర్‌స్పెక్టివ్.

సమతల అద్దానికీ ఇదే పరీక్ష: వస్తువు మూలను ప్రతిబింబంలోని అదే మూలతో కలపండి. గదిలో లేని కిటికీ అద్దంలో కనబడుతుందేమో కూడా చూడండి.

తర్వాత 200 శాతం జూమ్‌లో కుర్చీ కాళ్లు, మెట్లు లెక్కపెట్టండి. బోర్డు మీది అక్షరాలు వంకరైతే తుడిచి, చేత్తో టైప్ చేయండి.