ఒక్కో బిల్లుకు ఒక్కో లింక్

నేను లోగోలు గీసి ఇస్తాను. వెబ్‌సైట్ లేదు, చాట్‌లో పేమెంట్ లింక్ పంపి డబ్బు తీసుకుంటాను. కార్డు నంబర్ కొట్టే పేజీ పేమెంట్ కంపెనీదే కాబట్టి సొంత సైట్ అవసరం పడలేదు.

మొదట్లో బద్ధకించి ఒకటే లింక్ చేసి అందరికీ అదే పంపేవాణ్ణి. ఎంత కట్టాలో వాళ్లే టైప్ చేసుకోవాలి. ఒకసారి ఇద్దరికి ఒకే మొత్తం బిల్లు పడింది. ఇద్దరూ కట్టేశామన్నారు, నాకు కనిపించింది మాత్రం ఒక్కటే. పైగా కార్డు మీద ఉన్నది ఎవరో మూడో మనిషి పేరు! ఒకాయన స్క్రీన్‌షాట్ పంపాడు. జూమ్ చేసి చూస్తే అందులో ఉన్నది 'ప్రాసెసింగ్' అని. రెండు రోజులు టెన్షన్.

ఇప్పుడు ప్రతి బిల్లుకూ కొత్త లింక్ చేస్తున్నాను. మొత్తం నేనే ఫిక్స్ చేస్తాను, రెఫరెన్స్ గడిలో బిల్లు నంబర్ రాస్తాను, ఒక్కసారి కట్టగానే మూసుకుపోయేలా, 7 రోజులకు గడువు ముగిసేలా పెడతాను. దాంతో డ్యాష్‌బోర్డులో బిల్లు నంబర్ పక్కనే 'పెయిడ్' అని పడుతుంది. అది చూశాకే ఫైనల్ ఫైళ్లు పంపుతాను, స్క్రీన్‌షాట్ చూసి కాదు.

వట్టి లింక్ పంపితే మోసమేమోనని కొందరు నొక్కరు, వాళ్ల భయం సబబే. అందుకే పైన పని పేరు, బిల్లు నంబర్, మొత్తం ఒక వాక్యంలో రాస్తాను. 'పెయిడ్' అని పడ్డా డబ్బు వెంటనే బ్యాంకులోకి రాదు. కమిషన్ పోను మిగిలింది తర్వాత జమవుతుంది.