పెదాలు మళ్లీ మళ్లీ పొట్టు లేస్తున్నాయా? ముందు స్క్రబ్ ఆపండి

సమస్య ఇట్లా ఉంటది. స్క్రబ్ చేసిన రోజు పెదాలు నున్నగా ఉంటాయి. తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. మూడో రోజుకు మళ్లీ పొట్టు లేస్తది. పచ్చిపులుసు నోట్లో పెట్టుకుంటే చురుక్కుమంటది, లిప్‌స్టిక్ వేస్తే గీతల్లోకి దిగి అతుకులు అతుకులుగా కనిపిస్తది. "అక్కా, ఇంకా మంచి స్క్రబ్ ఏదన్న చెప్పు" అంటూ వస్తారు.

హన్మకొండలో పార్లర్ నడుపుతూ ఈ మాట వినని వారం లేదు. వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: పోయిన పది రోజుల్లో మీ పెదాల మీద ఏమేమి రుద్దారు, ఎన్నిసార్లు? చక్కెర స్క్రబ్ ఒక్కటే లెక్క కాదు. పళ్లు తోమినాక అదే బ్రష్‌తో పెదాలు రుద్దడం, మ్యాట్ లిప్‌స్టిక్‌ను పొడి టిష్యూతో గీకి తీయడం, చదువుకుంటూ పొట్టును పళ్లతో పీకడం, అన్నీ అందులోకే వస్తాయి. వేళ్ల మీద లెక్కపెట్టమంటే చాలామందికి పది దాటుతది. ఈ లెక్క చూసుకోకుండా కొత్త డబ్బా కొంటే డబ్బులు దండుగ.

కారణం

పెదాల తోలు చెంప తోలు లాంటిది కాదు. పైపొర చాలా పలుచన. చెంపకు నూనె ఊరే గ్రంథులు నిండుగా ఉంటాయి కాబట్టి కాస్త గీరినా దాని జిడ్డు దాన్ని కాపాడుకుంటది. పెదాలకు ఆ ఆసరా లేదు. లోపలి తడిని ఆపేది ఆ పలుచని పొర ఒక్కటే. మనం మురికి అనుకుని రుద్ది తీసేసేది చాలాసార్లు దాన్నే.

పొర పోగానే తోలు తొందరతొందరగా కొత్తది తయారు చేసుకుంటది. ఆ తొందరలో వచ్చింది పూర్తిగా పక్వం కాదు, గట్టిగా అతుక్కోదు, తడిని ఆపదు. రెండు రోజుల్లో పొట్టుగా లేస్తది. దాన్ని చూసి "ఎండిపోయింది" అని మళ్లీ రుద్దుతాం. అంటే ఇవాళ రుద్దుతున్న పొట్టు మొన్న రుద్దినందుకు వచ్చిన పొట్టే. స్క్రబ్ చేయంగనే నున్నగా అనిపించేది అందులోని తేనె, నూనె, మైనం వల్ల. అది కడిగితే పోతది.

తేడా కనిపెట్టడానికి కిటికీ పక్కన పగటి వెలుతురులో అద్దం పట్టుకుని, కింది పెదవిని రెండు వేళ్లతో మెల్లగా సాగదీసి చూడండి. చలికాలపు పొడితనమైతే తెల్లటి సన్న గీతలు కనిపిస్తాయి, రంగు అంతా ఒక్క తీరుగా ఉంటది, నీళ్లు తగిలినా మండదు. అతిగా రుద్దిన పెదవి ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తది. అక్కడక్కడ ఎర్రటి మచ్చలుంటాయి. పొట్టు ఒక అంచున లేచి, ఇంకో అంచున అతుక్కునే ఉంటది. ఉత్త నీళ్లు తగిలినా చిమచిమలాడుతది.

ఇంకో నష్టం కూడా ఉంది. మన రంగు తోలుకు ఎక్కడ మంట లేచినా తర్వాత అక్కడ నలుపు మిగులుతది. పెదాలు తెల్లబడాలని నిమ్మచెక్క, చక్కెరతో రుద్దేవాళ్ల పెదాలు నెలలు గడిచేకొద్దీ ఇంకా నల్లబడడానికి కారణం ఇదే. నిమ్మరసం ఉత్త ఆమ్లం. పచ్చి పుండు మీద పిండినట్టే.

స్క్రబ్, మాస్క్, సన్‌స్క్రీన్: ఏది దేనికి

ఈ మూడూ ఒకదాని పని ఒకటి చేయవు. స్క్రబ్ తీసేది. మాస్క్ రాత్రంతా కప్పి ఉంచి తడిని ఆపేది. అంటే చిక్కటి లిప్ బామ్ అనుకోవచ్చు, అంతకుమించి మాయ లేదు. సన్‌స్క్రీన్ పగటి ఎండను ఆపేది. పొట్టు లేస్తున్న పెదవికి కావలసింది కప్పడం, ఎండ నుంచి కాపాడడం. తీసేది అస్సలు వద్దు. జనం మాత్రం మొదటిదాంతోనే మొదలుపెడతారు, మూడోది చాలామంది కొననే కొనరు.

నన్ను బాగా తిప్పలు పెట్టిన కారణం

పరకాల వైపు నుంచి ఒక పిల్ల పెళ్లికి ఇరవై అయిదు రోజుల ముందు వచ్చింది. చక్కెర, తేనె, నిమ్మరసం కలిపి రోజూ సాయంత్రం రుద్దుతోంది. "రోజూ చేస్తున్ననక్కా, అయినా పోతలేదు" అంది. స్క్రబ్, నిమ్మకాయ రెండూ ఆపించిన. మ్యాట్ లిప్‌స్టిక్ వద్దన్న. రాత్రి ఏం పెడుతున్నవని అడిగితే లిప్ మాస్క్ అంది. మంచిదే, పెట్టుకో అన్న. తప్పు అక్కడే చేసిన.

వారం తర్వాత వచ్చింది. పగలు కొంచెం నయం, పొద్దున లేవంగనే మాత్రం మంట. రుద్దడం పూర్తిగా మానేసింది, వాళ్లమ్మ కూడా సాక్ష్యం చెప్పింది. రాత్రి బాగుండి పొద్దున మండుతోందంటే రాత్రి పెట్టేదాంట్లోనే ఏదో ఉంది. బ్యాగులో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమన్న. గులాబీ రంగు చిన్న డబ్బా. మూత మీద పెద్దక్షరాల్లో మాస్క్ అనే ఉంది. అడుగున చీమల్లాంటి అక్షరాలను ఫోన్‌లో ఫొటో తీసి పెద్దగా చేసి చదివితే లాక్టిక్ యాసిడ్, బొప్పాయి ఎంజైమ్, పుదీనా నూనె.

మొదటి రెండూ పొరను కరిగించి వదిలించేవి. చక్కెర పలుకులుండవు కాబట్టి రుద్దుతున్నట్టే తెలియదు. చేత్తో రుద్దితే రెండు నిమిషాల్లో అయిపోతది, ఇది ఎనిమిది గంటలు పెదవి మీదే కూర్చుంటది. పుదీనా నూనె చల్లగా అనిపిస్తది కానీ పొర పోయిన తోలును ఇంకా రేపుతది. స్క్రబ్ ఆపినా ఆమెకు ప్రతి రాత్రీ స్క్రబ్ జరుగుతూనే ఉంది.

అప్పటి నుంచి ఎవరొచ్చినా పేరు చూసి నమ్మను, వెనక చదువుతా. లాక్టిక్, గ్లైకోలిక్, సాలిసిలిక్ యాసిడ్లు, ఎంజైమ్ అన్న మాట, మెంథాల్, కర్పూరం, దాల్చినచెక్క నూనె ఉంటే బాగయ్యేదాకా పక్కన పెట్టాల్సిందే. ఎండిపోయినాక పొరలా లాగి తీసే మాస్కులు, పెదాలను తెల్లబరుస్తామనే సీరమ్‌లు కూడా ఇందులోకే వస్తాయి. మామూలు లిప్ బామ్‌లలో కూడా మెంథాల్, కర్పూరం ఉంటాయి. పెట్టంగనే చల్లగా గుచ్చుకుంటే "పని చేస్తోంది" అనుకోకండి. అది పెదవి వద్దంటున్న గుర్తు.

పరిష్కారం

ఆ పిల్లకు మిగిలింది పద్దెనిమిది రోజులు. అన్నీ తీసేసి సాదా పెట్రోలియం జెల్లీ ఒక్కటే ఉంచిన. రంగు, వాసన, రుచి ఏదీ లేనిది. పొద్దున ముఖం కడిగినాక మెత్తటి నూలు గుడ్డను తడిపి పెదవి మీద అద్దాలి, తుడవొద్దు. తడి ఆరకముందే జెల్లీ రాయాలి. జెల్లీ తడిని తేదు, ఉన్నదాన్ని పోకుండా ఆపుతది, అందుకే తడి మీద పెట్టాలి. తిన్నాక, తాగినాక మళ్లీ. రాత్రి మందంగా. కారం, పులుపు కొన్ని రోజులు తగ్గించమన్న. మిర్చి పంట ఉన్న ఇల్లు వాళ్లది. కాయలు ఏరిన చేత్తో మూతి తుడుచుకోవద్దని గట్టిగా చెప్పిన.

మూడో రోజుకు నీళ్ల మంట తగ్గింది. అయిదో రోజు పెద్ద పొట్టు లేచింది. అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే, చెయ్యి ఆగదు. పీకితే కింద పచ్చిది కూడా వచ్చి రక్తం కనబడుతది. వేలాడుతున్న ముక్కను శుభ్రమైన చిన్న కత్తెరతో కత్తిరించి, మిగతాది వదిలేయమన్న. తొమ్మిది, పది రోజులకు పెదవి సాగదీస్తే మెరుపు లేదు, రంగు ఒక్క తీరుగా వచ్చింది. పెళ్లి రోజు స్క్రబ్ ముట్టుకోలేదు. ముఖం మేకప్ మొదలుపెట్టేటప్పుడే జెల్లీ పెట్టి, చివర్లో టిష్యూతో అద్ది తీసి, క్రీమ్ లిప్‌స్టిక్ వేసిన. జీలకర్ర బెల్లం దాకా ఒక్క పొట్టు లేవలేదు.

పగటి పూట సంగతి. జెల్లీ ఎండను ఆపదు. మన ఏప్రిల్, మే ఎండల్లో స్కూటీ మీద కాజీపేట దాకా పోయి వచ్చినా కింది పెదవికి నేరుగా తగులుతది, పొర పోయిన పెదవికి ఇంకా లోతుగా. పెదాలకు ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైన ఉన్న సన్‌స్క్రీన్ వాడాలి. రెండు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ మళ్లీ రాయాలి, ఎందుకంటే పెదవి మీదిది నోట్లోకి పోతూనే ఉంటది. పచ్చిగా ఉన్నప్పుడు కొన్ని రకాలు మండుతాయి. అప్పుడు జింక్ ఆక్సైడ్ ఉన్నది చూడండి, కొంచెం తెల్లగా కనబడినా ఓర్చుకోండి. అదీ మండితే మంట తగ్గేదాకా జెల్లీ పెట్టుకుని, పైన చున్నీ కట్టుకుని తిరగండి. సన్‌స్క్రీన్ పెదవికి సరిపోయినాక పగలు అది, రాత్రి జెల్లీ గానీ, పైన చెప్పినవేవీ లేని మాస్క్ గానీ, ఇంకేం అక్కర్లేదు.

రెండు వారాలైనా తగ్గకపోతే

పెదవి చుట్టూ గుండ్రంగా నల్లటి అంచు పడితే నాలుకతో తడుపుకునే అలవాటు. పిల్లల్లో ఎక్కువ. మూలల్లోనే పగిలితే దాని కథ వేరు, శిలీంధ్రం కావచ్చు, ఐరన్ లేదా బి విటమిన్ తక్కువ కావచ్చు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోలీలు వేసుకుంటుంటే పెదాలు ఎండడం మామూలే, రాసిచ్చిన డాక్టర్‌కు చెప్పండి. టూత్‌పేస్ట్ మార్చినాక మొదలైతే పాతదానికి రండి. నీటి పొక్కులు గుత్తిగా లేచినా, పొలంలో ఏళ్లుగా ఎండలో పనిచేసిన వాళ్లకు కింది పెదవి మీద గరుకు మచ్చ మానకుండా ఉన్నా పార్లర్‌కు రావొద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, దగ్గర్లో ఉన్న చర్మ డాక్టర్‌కు గానీ చూపించండి.

స్క్రబ్ మళ్లీ ఎప్పుడు

పొట్టు, మంట రెండూ లేకుండా రెండు వారాలు గడిస్తేనే. అప్పుడైనా పదిహేను రోజులకోసారి మించి వద్దు. గోరువెచ్చని తడిగుడ్డను నిమిషం పాటు పెదవి మీద ఉంచి, మెత్తటి చక్కెర పొడిలో కొబ్బరినూనె కలిపి, ఉంగరపు వేలితో అర నిమిషం తిప్పి కడిగేయండి. వెంటనే జెల్లీ. మర్నాడు ఎండలో తిరిగే పని ఉంటే ఆ రాత్రి చేయకండి. కడిగినాక పెదవి ఎర్రబడినా, ఆ పూట చారు చురుక్కుమన్నా, ఇంకో నెల దాకా స్క్రబ్ జోలికి పోకండి.