నడుమ జాలీ తీసి గోడవార లీనియర్ డ్రెయిన్ (నా అనుభవం)

నల్లగొండలో మా ఇంటి షవర్ 900 మి.మీ. చదరం. జాలీ నడుమ ఉండేది. నీళ్లు నాలుగు దిక్కుల నుంచి దిగాలి కాబట్టి పెద్ద టైల్‌ను మూలల నుంచి జాలీ దాకా ఏటవాలుగా కోయక తప్పదు. ఆ కోతల గ్రౌట్‌లోనే మా బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకునేది. ఎంత రుద్దినా పోదు.

ఈసారి షవర్ ఎదుటి గోడవార లీనియర్ డ్రెయిన్, అంటే మూత ఉన్న సన్నటి పొడుగు కాలువ, పెట్టించాం. వాటం ఒకే దిక్కు, టైల్‌కు అంచుల్లో నేరు కోతలే. కానీ 50కి 1 వాటమంటే నడుమ జాలీకి 9 మి.మీ. దిగితే చాలు, గోడవారకు 18 దిగాలి. అందుకే టైల్స్ కింది పాత సిమెంటు బెడ్ తీయించి, పైపు జరిపించి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాం. టైల్ వేయకముందే బకెట్ నీళ్లు పోసి చూశాం: కాలువలో ఒక పక్క నీళ్లు నిలిచాయి. మేస్త్రీ దాన్ని లేపి సరిచేశాడు.

నేల తుడుచుడు సులువైంది గానీ కాలువ పని పెరిగింది. వారానికోసారి మూత ఎత్తి వెంట్రుకలు తీసి, పొడుగంతా బ్రష్ కొట్టాలి. నడుమ జాలీకైతే రెండు నిమిషాల పని. చిన్న మొజాయిక్ టైల్స్ వేసేవాళ్లకు మాత్రం అదే నయం, కోత లేకుండానే నాలుగు దిక్కులా ఒంగుతాయి.