మధ్యాహ్నం రద్దీలో మంట పడిపోతోందా? హోటల్ కిచెన్ గ్యాస్ లైన్: సమస్య - పరిష్కారం

సమస్య

పొద్దున ఇడ్లీ, దోసె పొయ్యిలు రెండు మూడు వెలిగినప్పుడు మంట నీలంగా, గట్టిగా ఉంటుంది. పన్నెండున్నరకు అన్నం, కూరలు, బిర్యానీ పొయ్యిలన్నీ ఒకేసారి వెలిగించగానే లైన్ చివరి పొయ్యిల మంట కుంగిపోతుంది. హన్మకొండ, కాజీపేట వైపు పాత హోటళ్లలో ఈ ఫిర్యాదు మామూలే. పొయ్యిలు ఏటేటా పెరుగుతాయి, పైపు మాత్రం మొదట వేసిందే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది 30 మిల్లీబార్ల తక్కువ ఒత్తిడి పొయ్యిల గురించి. హై ప్రెషర్ భట్టీల లెక్క వేరు.

ముందు కొలవాలి

మంట తగ్గగానే చాలామంది రెగ్యులేటర్ స్క్రూ బిగించి ఒత్తిడి పెంచుతారు. ఆ పని చేయవద్దు. చివరి పొయ్యికి 30 అందాలని మొదట్లో 43 పెడితే, మిగతావి ఆర్పేసిన క్షణంలో వెలుగుతున్న ఒక్క పొయ్యి మీద దాదాపు ఆ 43 మొత్తం పడుతుంది. మంట పసుపు రంగుకు తిరిగి గిన్నెలకు మసి పడుతుంది, లేదా బర్నర్ మీంచి లేచిపోతుంది.

పారదర్శకమైన ట్యూబ్‌ను U ఆకారంలో వంచి నీళ్లు పోస్తే మానోమీటర్ తయారవుతుంది. రెండు వైపుల నీటి మట్టాల తేడా 306 మి.మీ. ఉంటే అది 30 మిల్లీబార్లు. పొయ్యిలన్నీ పూర్తిగా వెలిగించి రెండు చోట్ల చూడాలి: రెగ్యులేటర్ దాటగానే ఒకసారి, చివరి పొయ్యి దగ్గర ఒకసారి.

కారణం 1: రెగ్యులేటర్ దగ్గర 30 ఉంది, చివర 20 ఉంది

తప్పు పైపుది. ఉదాహరణకు గంటకు కిలో చొప్పున గ్యాస్ తాగే ఎనిమిది పొయ్యిలు ఉన్నాయనుకుందాం. మొత్తం 8 కిలోలు, అంటే గంటకు సుమారు 3.6 ఘనపు మీటర్ల గ్యాస్. పైపు పొడవు 25 మీటర్లు. ఎల్బోలు, వాల్వులు కూడా అడ్డే కాబట్టి 30 మీటర్లుగా లెక్కించాలి.

```
h = (Q / 0.0071)^2 × s × L / d^5
```

ఇందులో h మిల్లీబార్లలో పడిపోయే ఒత్తిడి, Q ఘనపు మీటర్లలో గంటకు పారే గ్యాస్, s గాలితో పోల్చిన బరువు (ఎల్‌పీజీకి సుమారు 1.85), L మీటర్లలో పొడవు, d మిల్లీమీటర్లలో పైపు లోపలి వ్యాసం.

అరంగుళం జీఐ పైపు లోపలి వ్యాసం సుమారు 16 మి.మీ. లెక్క కడితే 13 మిల్లీబార్ల పైనే పోతుంది. ఒత్తిడి తగ్గిన కొద్దీ పారే గ్యాస్ కూడా తగ్గుతుంది కాబట్టి చివరికి 20 దగ్గర నిలుస్తుంది. మంట వేడి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది గనుక పొయ్యికి ఆరింట ఒక వంతు వేడి తగ్గినట్టు. ముప్పావు అంగుళం వేస్తే నష్టం 3, అంగుళం వేస్తే 1 లోపే.

నష్టం పదో వంతు దాటకూడదని పెట్టుకుంటే ముప్పావు అంగుళం సరిగ్గా హద్దు మీద నిలుస్తుంది. రేపు ఇంకో పొయ్యి చేరితే మళ్లీ ఇదే గొడవ, కాబట్టి అంగుళమే వేయించండి. సూత్రంలో వ్యాసం ఐదో ఘాతంలో ఉంది, అందుకే సైజు ఒక మెట్టు మారితే ఇంత తేడా వస్తుంది. పైపు మధ్యలో సన్నటి ముక్క మిగలనివ్వవద్దు. పని అయ్యాక ఒత్తిడి పరీక్ష చేయించి, ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాయాలి.

కారణం 2: రెగ్యులేటర్ దగ్గరే ఒత్తిడి పడిపోతోంది

అయితే రెగ్యులేటర్ చిన్నది, లేదా సిలిండర్లు ఆవిరి ఇవ్వలేకపోతున్నాయి. రెగ్యులేటర్‌కు ముందున్న గేజ్ చూడండి. అది నిలకడగా ఉంటే రెగ్యులేటరే చాలడం లేదు. 8 కిలోల వాడకానికి కనీసం 10 కిలోల సామర్థ్యం కావాలి. ప్లేటు మీద రాసిన సామర్థ్యం ఏ ఇన్‌లెట్ ఒత్తిడి దగ్గరో కూడా చదవాలి, ఎందుకంటే ఇన్‌లెట్ తగ్గితే సామర్థ్యమూ తగ్గుతుంది. బయట మానిఫోల్డ్ దగ్గర ఒక రెగ్యులేటర్, కిచెన్ గోడ దగ్గర 30కి దించే రెండోది పెట్టడం మేలు.

గేజ్ కూడా పడిపోతూ సిలిండర్ల మీద మంచు పేరుకుంటే వాటి సంఖ్య చాలదు. 19 కిలోల సిలిండర్ ఆగకుండా ఇచ్చేది గంటకు అర కిలో నుంచి ముప్పావు కిలో. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఇంకా తక్కువ. వేడి నీళ్లు పోయవద్దు, పక్కన మంట పెట్టవద్దు, సిలిండర్లు పెంచాలి. నిల్వ 100 కిలోలు దాటితే లైసెన్సు తప్పనిసరి, అంటే ఆరో సిలిండర్‌తోనే ఆ హద్దు దాటినట్టు.

పొయ్యిలన్నీ ఆపాక ఒత్తిడి 30 దాటి మెల్లగా ఎక్కుతూనే ఉంటే రెగ్యులేటర్ లోపల సీటు అరిగింది, లేదా చెత్త ఇరుక్కుంది. మార్చేయండి.

కారణం 3: రెండు చోట్లా 30 ఉంది, ఒక్క పొయ్యే నీరసం

నాజిల్‌లో మడ్డి, లేదా రబ్బరు ట్యూబ్ మడత. శుభ్రం చేస్తే సరి. నాజిల్ రంధ్రంలో పిన్ను పెట్టి తిప్పితే రంధ్రం పెద్దదవుతుంది.

పైపు గ్యాస్‌కు మారాలనుకుంటే

సహజ వాయువు ఘనపు మీటరుకు ఇచ్చే వేడి తక్కువ. ఇవే ఎనిమిది పొయ్యిలకు గంటకు 10 ఘనపు మీటర్ల పైన కావాలి, ఒత్తిడి 21 మిల్లీబార్లే. గాలి కన్నా తేలికైనా అంగుళం పైపులో రెండున్నర మిల్లీబార్లు పోతుంది, అది 21లో పదో వంతు కన్నా ఎక్కువ. ఆ ఆలోచన ఉంటే మెయిన్ లైన్ ఇప్పుడే అంగుళంన్నర వేయించండి. నాజిళ్లు, రెగ్యులేటర్ ఎలాగూ మార్చాల్సిందే.