మల్టీప్లేయర్ గేమ్ కడదాం, 6వ పాఠం: సర్వర్‌కు చెయ్యి కనపడదు

ఆట అసలు నడిచేది సర్వర్‌లోనేనని గత పాఠంలో చూశాం. ఇప్పుడు అదే మ్యాచ్‌లోకి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, పీసీ వాళ్లను కలిపి తెద్దాం. దీన్నే క్రాస్‌ప్లే అంటారు.

కలపడం వరకు పెద్ద కష్టం కాదు. అందరి దగ్గరా ఆట ఒకే వెర్షన్‌లో ఉండి, ఒకే రకం ప్యాకెట్లు వస్తుంటే సర్వర్‌కు చాలు. చిక్కు అకౌంట్ల దగ్గర వస్తుంది. ప్లేస్టేషన్ ఐడీ ఎక్స్‌బాక్స్‌కు తెలియదు కాబట్టి, రెండింటికీ పైన ఆట కంపెనీ తన సొంత అకౌంట్ పెడుతుంది. దానికీ కన్సోల్ కంపెనీ ఒప్పుకోవాలి. 2018 జూన్‌లో ఫోర్ట్‌నైట్ నింటెండో స్విచ్‌కు వచ్చినప్పుడు, అప్పటికే పీఎస్4తో ముడిపడిన ఎపిక్ అకౌంట్లు అక్కడ లాగిన్ కాలేకపోయాయి. అడ్డు సాంకేతికం కాదు, సోనీ విధానం. ఆ సెప్టెంబరులో సోనీ ఒప్పుకోగానే తలుపు తెరుచుకుంది.

ఇక అసలు సంగతి. షూటర్ ఆటల్లో ప్లేయర్ మెషీన్ సర్వర్‌కు సాధారణంగా పంపేది "నా చూపు ఇప్పుడు ఈ కోణంలో ఉంది" అన్న అంకె. ఆ కోణం మౌస్ కదిపితే వచ్చిందా, కంట్రోలర్ స్టిక్ తోస్తే వచ్చిందా అన్నది ఆ అంకెలో ఉండదు. స్టిక్‌తో గురిపెట్టే వాళ్లకు సాయంగా ఉండే ఎయిమ్ అసిస్ట్ కూడా ప్లేయర్ మెషీన్‌లోనే పనిచేసి, తన వంతు కోణాన్ని అందులో కలిపేస్తుంది.

ఆ వంతు ఎంతో లెక్క వేద్దాం. శత్రువు 5 మీటర్ల దూరంలో, సెకనుకు 5 మీటర్ల వేగంతో పక్కకు పరుగెడుతున్నాడు. అతని మీద గురి నిలవాలంటే మన చూపు సెకనుకు దాదాపు 57 డిగ్రీలు తిరగాలి. అతను ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. అది మన కంటికి కనపడి చెయ్యి స్పందించడానికి సుమారు 0.2 సెకను పడుతుందనుకుందాం. ఆ కాసేపు మౌస్ ప్లేయర్ చూపు పాత దిక్కులోనే పోతుంటుంది, శత్రువు ఎదురు దిక్కులో పోతుంటాడు. రెండు వేగాలూ కలిస్తే సెకనుకు 114 డిగ్రీలు, కాబట్టి తేడా 114 × 0.2, అంటే దాదాపు 23 డిగ్రీలు. ఆ దూరంలో మనిషి వెడల్పు 6 డిగ్రీలకు మించదు, కాబట్టి గురి పూర్తిగా తప్పినట్టే.

ఇప్పుడు లక్ష్యం కదలికలో 40 శాతాన్ని అసిస్ట్ తనంతట తానే అనుసరిస్తుందని అనుకోండి. దానికి కళ్లూ లేవు, ఆలస్యమూ లేదు. శత్రువు తిరిగిన మరుక్షణమే తన 40 శాతాన్ని తిప్పేస్తుంది. మిగిలిన 60 శాతమే మనిషి ఆలస్యానికి లోబడుతుంది, తేడా 14 డిగ్రీలకు దిగుతుంది. ఏ ఆటలోనూ సూత్రం ఇంత సూటిగా ఉండదు కానీ గొడవంతా ఈ ఆలస్యం లేని 40 శాతం చుట్టూనే. దగ్గరి పోరులో కంట్రోలర్‌దే పైచేయి అని పీసీ వాళ్లు మొత్తుకునేది ఇందుకే. దూరం పెరిగితే చాలా ఆటల్లో అసిస్ట్ తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. అక్కడ చిన్న చిన్న సవరింపుల్లో మౌస్‌దే రాజ్యం. కాబట్టి అసిస్ట్ అంకె ఎంత మార్చినా రెండు దూరాల్లోనూ సమానం చేయలేం. సమానం చేశామని ఎవరైనా అంటే నేను నమ్మను.

అందుకే చాలామంది అంకెతో పాటు గుంపునూ సర్దుతారు. 2020లో క్రాస్‌ప్లే తెచ్చిన అపెక్స్ లెజెండ్స్ పద్ధతి ఇది: కన్సోల్ వాళ్లు కన్సోల్ వాళ్లతోనే, కానీ పార్టీలో, అంటే కలిసి ఆడటానికి చేరిన జట్టులో, ఒక్క పీసీ ప్లేయర్ ఉన్నా పార్టీ మొత్తం పీసీ లాబీకి.

```
def pool(party):
    if any(p.platform == "pc" for p in party):
        return "pc"
    return "console"
```

ఓవర్‌వాచ్ ఇంకో అడుగు వేసింది. 2021లో క్రాస్‌ప్లే తెచ్చినప్పుడు మామూలు ఆటల్లో పీసీ, కన్సోల్ వాళ్లు కలిసి ఆడే వీలిచ్చి, కాంపిటీటివ్‌లో మాత్రం పీసీని, కన్సోల్‌ను వేరుగా ఉంచింది. దీనికి మూల్యం నిరీక్షణ. గుంపును చీల్చిన ప్రతిసారీ క్యూ పొడుగవుతుంది. ఆడేవాళ్లు తక్కువున్న ఆటలో, అర్ధరాత్రి సర్వర్‌లో, అది నిమిషాల్లోకి పోతుంది.

పై కోడ్‌లో ఒక చిల్లు ఉంది, చూశారా? అది ప్లాట్‌ఫామ్‌ను చూస్తోంది, చేతిలో ఉన్నదాన్ని కాదు. ఎక్స్‌ఐఎం లాంటి అడాప్టర్ ఉంటే మౌస్ కదలికను స్టిక్ కదలికగా మార్చి కన్సోల్‌కు అందిస్తుంది. మౌస్ చురుకుదనం, కంట్రోలర్ అసిస్ట్, రెండూ ఒకే మనిషికి! `p.platform` బదులు `p.input` రాసినా దొరకడు, ఎందుకంటే కన్సోల్ కూడా దాన్ని కంట్రోలరనే నమ్ముతుంది.

పట్టుకోవాలంటే కదలిక తీరు చూడాలి. నిజమైన స్టిక్‌కు బరువూ స్ప్రింగూ ఉంటాయి. ఒక అంచు నుంచి మరో అంచుకు పోవాలంటే మధ్య విలువలు దాటాలి. అడాప్టర్ సంకేతంలో విలువ ఒక్క ఫ్రేమ్‌లో సున్నాకు పడిపోవడం, మళ్లీ ఎగరడం పదేపదే కనిపించవచ్చు. రెయిన్‌బో సిక్స్ సీజ్ 2023లో మౌస్‌ట్రాప్ అనే వ్యవస్థ పెట్టి, దొరికినవాళ్లను గెంటేయకుండా వాళ్ల ఇన్‌పుట్‌కు మెల్లగా ఆలస్యం పెంచుతూ పోయింది. నాకు నచ్చిన శిక్ష అది. అయితే ఒక చిక్కుంది: వైకల్యం వల్ల అలాంటి పరికరం వాడక తప్పనివాళ్లూ అదే వలలో పడతారు.

ఇంటిపని: `pool`ను ఇన్‌పుట్ ఆధారంగా తిరగరాయండి. మ్యాచ్ మధ్యలో ఒకరు కంట్రోలర్ పక్కన పెట్టి మౌస్ పట్టుకుంటే ఏం చేయాలో కూడా రాయండి. అప్పటికే మొదలైన మ్యాచ్ నుంచి లాబీ మార్చలేరు, అసిస్ట్‌ను మాత్రం ఆ ఫ్రేమ్‌లోనే ఆపగలరు. వచ్చే పాఠంలో క్యూ సమయాన్ని కొలుద్దాం.